స్లాట్ ఓకే అనే ముందు ఒక్క ప్రశ్న

హైదరాబాద్‌లో ఐదారేళ్ల అనుభవం ఉన్న జావా డెవలపర్ నౌకరీలో ప్రొఫైల్ ఒకసారి అప్‌డేట్ చేస్తే చాలు, మర్నాటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. అన్నీ దాదాపు ఒకే తీరుగా సాగుతాయి. "హాయ్ అండి, జాబ్ ఛేంజ్‌కి చూస్తున్నారా? జావా రిక్వైర్‌మెంట్ ఉంది. నోటీస్ పీరియడ్ ఎంత? కరెంట్ సీటీసీ? ఎక్స్‌పెక్టెడ్? ఆఫర్లేమైనా చేతిలో ఉన్నాయా? రేపు పదకొండింటికి టెక్నికల్ రౌండ్ పెట్టమంటారా?" రెండు నిమిషాల్లో మన జీతం, మన ఊరు, మన గడువు అన్నీ అవతలి వాళ్ల ఎక్సెల్ షీట్‌లోకి చేరిపోతాయి. ఉద్యోగం గురించి మనకు తెలిసింది మాత్రం జావా అన్నంత వరకే.

జావా పేరుతో ఉన్న పని కొత్త సర్వీసులు రాయడం కావచ్చు. పదేళ్ల కిందటి కోడ్‌లో తప్పులు సరిచేయడం కావచ్చు. రాత్రి షిఫ్టులో టికెట్లు చూడడం కావచ్చు. సగం రోజు రియాక్ట్ మీద కూర్చోవడమూ కావచ్చు. నాలుగింటికీ జేడీ మాత్రం ఒకటే ఉంటుంది. ఎందుకంటే చాలా జేడీలు కొత్తగా రాసినవి కావు. పాత రిక్వైర్‌మెంట్‌ది తీసి, అనుభవం సంవత్సరాలు మార్చి, ఇంకో రెండు టెక్నాలజీల పేర్లు కలిపి పంపిస్తారు.

తెలియకుండా వెళ్తే ఏమవుతుంది, ఇంటర్వ్యూలోనే తెలుస్తుంది కదా అనుకోవచ్చు. ఒక్కోసారి అక్కడా తెలియదు. మొదటి రౌండ్‌లో కూర్చునే ప్యానెల్ ఆ టీమ్‌కు చెందినవాళ్లే కావాలని లేదు. ఆ రోజు ఖాళీగా ఉన్న సీనియర్‌ను కూర్చోబెడతారు. ఆయన హాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుందో అడిగి వెళ్లిపోతాడు. రెండో రౌండ్, ఆ తర్వాత హెచ్ఆర్. చేరాక గానీ అసలు పని కనిపించదు. అప్పుడు వెనక్కి రావాలంటే మళ్లీ నోటీస్ పీరియడ్. మన ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల అది 90 రోజులు. ప్రొబేషన్‌లో ఉంటే కొంత తక్కువ ఉండొచ్చు. పైగా రెజ్యూమెలో ఆరు నెలల ఉద్యోగం ఒకటి మిగిలిపోతుంది. తర్వాత ప్రతి ఇంటర్వ్యూలోనూ దాని సంజాయిషీ చెప్పుకోవాలి.

అందుకే స్లాట్‌కు ఒప్పుకునే ముందు ఒక్క ప్రశ్న అడగాలంటున్నాను. ఒక్కటే. పది అడిగితే జవాబు ఒక్కదానికీ రాదు.

ఫోన్‌లో ఎవరున్నారు

ప్రశ్న తయారు చేసుకునే ముందు, అవతలి మనిషికి ఏం తెలిసి ఉంటుందో ఒక అంచనాకు రావాలి. కన్సల్టెన్సీ నుంచి ఫోన్ చేసే అమ్మాయి ముందు ఉండేది క్లయింట్ కంపెనీ పంపిన ఒక మెయిల్. అందులో స్కిల్, అనుభవం, లొకేషన్, బడ్జెట్, ఎన్ని పొజిషన్లు, ఎప్పటిలోగా చేరాలి, ఇంటర్వ్యూ ఎలా జరుగుతుంది అన్నవి ఉంటాయి. టీమ్ గురించి ఉండదు. మేనేజర్‌తో ఆమె ఎప్పుడూ మాట్లాడి ఉండకపోవచ్చు. అదే రిక్వైర్‌మెంట్ మీద ఇంకో నాలుగు కన్సల్టెన్సీలు కూడా పని చేస్తుంటాయి. ముందు ఎవరు ప్రొఫైల్ పంపితే వాళ్లదే ఆ క్యాండిడేట్. అందుకే ఆ తొందర. ఆమె దాచిపెడుతోందని చాలామంది విసుక్కుంటారు గానీ, దాచడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదు.

కంపెనీలోనే పనిచేసే రిక్రూటర్ పరిస్థితి కాస్త నయం. పొజిషన్ తెరిచినప్పుడు మేనేజర్‌తో ఒక అరగంట కూర్చుని ఉంటారు. ఎందుకు తీసుకుంటున్నారు, టీమ్‌లో ఎంతమంది, ఎవరికి రిపోర్ట్ చేయాలి, ఇవి వాళ్ల నోట్స్‌లో ఉండే అవకాశం ఉంది. కాకపోతే కంపెనీ మెయిల్ ఐడీతో రాసేవాళ్లందరూ కంపెనీ మనుషులు కారు. బయటి సంస్థ తరఫున అక్కడ కూర్చుని పనిచేసేవాళ్లూ ఉంటారు. రెండు మాటలు మాట్లాడితే తేడా తెలిసిపోతుంది. మేనేజర్ గురించి చెప్పేటప్పుడు "మొన్న ఆయన అన్నారు" అనే వాళ్లకు లోపలి సంగతులు తెలుసు. "క్లయింట్ ఇలా పంపించారు" అనే వాళ్లకు తెలియవు.

కాబట్టి మన ప్రశ్నకు రెండు గుణాలు ఉండాలి. రిక్రూటర్‌కు జవాబు తెలిస్తే ఒక్క మాటలో చెప్పగలగాలి. తెలియకపోతే ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు మేనేజర్‌కు ఫార్వర్డ్ చేయగలగాలి. "రోల్ గురించి కొంచెం చెప్తారా?" అన్న ప్రశ్నకు ఈ రెండూ లేవు. అలా అడిగితే అదే జేడీ ఇంకోసారి వాట్సాప్‌లో వస్తుంది.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది

జేడీలోనే దొరుకుతుంది. రెండు వాక్యాలు ఒకదానితో ఒకటి పొసగని చోటు చూడండి. పైన మైక్రోసర్వీసెస్ డిజైన్ చేయాలని ఉంటుంది. కిందికి వెళ్తే ప్రొడక్షన్ ఇన్సిడెంట్లు, సర్వీస్‌నౌ, ఎస్ఎల్ఏ, రొటేషనల్ షిఫ్టులు అన్న మాటలు కనిపిస్తాయి. పై వాక్యం ఏ ఉద్యోగానికైనా సరిపోయేది. కింది వాక్యాలే సాధారణంగా అసలు పనిని చెబుతాయి. షిఫ్టుల గురించి ఎవరూ ఊరికే రాయరు. అలాగే పైన బ్యాకెండ్ అని పేరు పెట్టి, కింద యాంగ్యులర్ తప్పనిసరి అంటే, అక్కడో ప్రశ్న ఉంది. ఎనిమిదేళ్ల అనుభవం అడిగి, లీడ్ అన్న మాట ఎక్కడా లేకపోతే అక్కడో ప్రశ్న ఉంది. టీమ్‌ను నడపాలా, ఒక్కరే కోడ్ రాయాలా?

ఇలాంటివి మూడు నాలుగు దొరికితే, ఏ జవాబు తేడాగా వస్తే మీరు ఇంటర్వ్యూకే వెళ్లరో ఆ ఒక్కటి అడగండి. మిగతావి ప్యానెల్ ముందు అడగొచ్చు.

ఇక మాటల కూర్పు. ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. "నాకు సపోర్ట్ ప్రాజెక్ట్ వద్దండీ, ఇది సపోర్ట్ కాదు కదా?" అని అడుగుతారు. ఏ జవాబు కావాలో మనమే చేతికిచ్చాం. "కాదండీ, ప్యూర్ డెవలప్‌మెంట్" అన్న జవాబు వెంటనే వస్తుంది. అది అబద్ధమని కూడా అనలేం. రిక్రూటర్ ఉద్దేశంలో జేడీలో డెవలపర్ అని ఉంది కనుక అది డెవలప్‌మెంటే. మన ఇష్టం బయటపడకుండా, రెండు వైపులా సమానంగా తూకం వేసి అడగాలి. "చేరిన మొదటి ఆరు నెలలు పని ఎక్కువగా కొత్త ఫీచర్ల మీద ఉంటుందా, ఇప్పుడున్న అప్లికేషన్ ఇష్యూల మీద ఉంటుందా? సుమారుగా ఏది ఎంత?" ఇందులో ఏది చెబితే మనం పారిపోతామో అవతలి వాళ్లకు తెలియదు. అందుకే నిజం చెప్పడం వాళ్లకు తేలిక.

మొదటి ఆరు నెలలు అనడం కూడా కావాలని అన్నదే. గడువు పెట్టకపోతే జవాబు ఎప్పుడో రాబోయే ప్రాజెక్టు గురించి వస్తుంది. వచ్చే ఏడాది క్లౌడ్‌కు మారుస్తున్నారు, అప్పుడు అంతా కొత్త పనే అంటారు. అది అప్పటి మాట.

ఎలా అడుగుతారో చూద్దాం

గచ్చిబౌలిలో పనిచేసే ఒక అమ్మాయి అనుకుందాం. జావా, స్ప్రింగ్ బూట్‌లో ఐదేళ్లు. ఇప్పటి ఉద్యోగంలో రెండేళ్లుగా బగ్ ఫిక్సులే ఎక్కువ. కొత్తగా ఏదైనా మొదటి నుంచి కట్టే పని కావాలని చూస్తోంది. కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. జేడీలో డిజైన్ గురించి ఒక వాక్యం, ఇన్సిడెంట్ల గురించి రెండు వాక్యాలు ఉన్నాయి. రేపు పదకొండింటికి స్లాట్ అంటున్నారు.

"రేపు పదకొండు నాకు వీలవుతుందండీ. కన్ఫర్మ్ చేసే ముందు ఒక్క విషయం. జేడీలో కొత్త సర్వీసుల డిజైన్ అనీ ఉంది, ప్రొడక్షన్ ఇష్యూలు చూడాలనీ ఉంది. చేరిన మొదటి ఆరు నెలలు ఎక్కువగా దేనిమీద ఉంటుందండీ పని?"

"రెండూ ఉంటాయండీ."

"ఎక్కడైనా రెండూ ఉంటాయిలెండి. ఏది ఎక్కువో తెలిస్తే దానికి తగ్గట్టు ప్రిపేర్ అవుతాను. మీ దగ్గర లేకపోతే పర్లేదు, మేనేజర్‌ని కనుక్కోగలరా? మెయిల్‌లో రాసి పంపిస్తాను, అలాగే ఫార్వర్డ్ చేసేయండి."

"సరే, పంపండి. కానీ స్లాట్ ఈరోజు సాయంత్రంలోగా కన్ఫర్మ్ చేయాలి."

"ఐదింటికల్లా చెప్తాను."

ఈ నాలుగు మాటల్లో ఆమె చేసింది గమనించండి. టైమ్ కుదరదని అనలేదు. కుదురుతుందని ముందే చెప్పింది. ప్రిపరేషన్ కోసం అడుగుతున్నానంది. అది నిజమే. టికెట్ల పనికైతే లాగ్స్, థ్రెడ్ డంప్, స్లో క్వెరీల మీద అడుగుతారు, కొత్త పనికైతే డిజైన్ మీద. క్యాండిడేట్ బాగా ప్రిపేరై వెళ్తే లాభపడేది రిక్రూటర్ కూడా. సెలెక్ట్ అయితేనే వాళ్ల లెక్కలో ఒకటి పడుతుంది. అందుకని ఈ కారణం చెబితే ప్రశ్న వాళ్ల పనికి అడ్డంగా అనిపించదు. "రెండూ ఉంటాయి" అన్న జవాబుతో సరిపెట్టుకోకుండా, గొంతు పెంచకుండా, అదే ప్రశ్నను ఇంకోసారి అడిగింది.

ఆ తర్వాత మెయిల్. మన ఆఫీసుల అలవాటు ప్రకారం ఇంగ్లీషులోనే రాస్తాం. సారాంశం ఇలా ఉండాలి: "మీతో మాట్లాడిన జావా పొజిషన్ మీద నాకు ఆసక్తి ఉంది. రేపు 11 గంటలకు అందుబాటులో ఉంటాను. వీలైతే ఒక్క విషయం తెలుసుకోవాలి: చేరిన మొదటి ఆరు నెలల్లో కొత్త డెవలప్‌మెంట్ ఎంత, ఇప్పటి అప్లికేషన్ సపోర్ట్ ఎంత ఉంటుంది? మేనేజర్, టీమ్ ఏ లొకేషన్‌లో ఉన్నారో కూడా చెబితే ఇంటర్వ్యూకు ఉపయోగపడుతుంది." ఇంతే. ఫోన్ స్క్రీన్ మీద కిందికి జరపకుండా చదివేంత. ఈ మెయిల్ మేనేజర్ దాకా వెళ్తే, మీ గురించి ఆయన చదివే మొదటి నాలుగు వాక్యాలు ఇవే. కాబట్టి రిక్రూటర్ మీద విసుగు, జీతం సంగతి, వర్క్ ఫ్రమ్ హోమ్ బేరం ఇందులో పెట్టకండి.

ఒక్క ప్రశ్నే అని చెప్పి రెండోది చేర్చావేమిటని మీరు అడగొచ్చు. లొకేషన్ సంగతి ఒక్క మాటలో తేలిపోయేది. ఫార్వర్డ్ అయ్యే అదే మెయిల్‌లో దానికీ జవాబు వస్తుంది కనుక భారం కాదు. ఆ చిన్న సమాచారంలో చాలా ఉంటుంది. మేనేజర్ న్యూజెర్సీలో ఉంటే ఆయన ఉదయం 9 గంటలకు మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. రోజూ ఉండే కాల్ ఆ వేళకు అయితే చాలామంది సర్దుకుపోగలరు. అదే మేనేజర్ కాలిఫోర్నియాలో ఉంటే ఆయన 9 గంటలంటే మనకు రాత్రి 9:30, చలికాలంలో 10:30. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ తేడా చిన్నది కాదు. టీమ్ అంతా బెంగళూరులో ఉండి హైదరాబాద్‌లో మీరొక్కరే అయితే అది ఇంకో రకం ఉద్యోగం.

వచ్చిన జవాబును చదవడం

జవాబు నాలుగు రకాలుగా రావచ్చు. స్పష్టంగా వస్తే గొడవే లేదు. "కనుక్కుని చెప్తాను" అని నిజంగానే కనుక్కుంటే అది ఇంకా మంచిది. ఆ రిక్రూటర్ నంబర్ సేవ్ చేసుకోండి, వచ్చేసారి పనికొస్తుంది. "ప్యానెల్‌నే అడగండి" అంటే ఆమెకు మేనేజర్ దాకా దారి లేదని అర్థం. దాన్ని తప్పుగా తీసుకోనక్కర్లేదు. మొదటి రౌండ్ అరగంట, గంట వర్చువల్ అయితే వెళ్లి అడగవచ్చు. సెలవు పెట్టి ఆఫీసుకు రమ్మంటే మాత్రం ఇంకోసారి అడగాలి.

నాలుగోది, అడిగీ అడగక ముందే వచ్చే జవాబు. "అంతా డెవలప్‌మెంటే అండి, డోంట్ వర్రీ." ఇది తెలియని సమాచారం కిందే లెక్క. పరీక్షించాలంటే ఒక వివరం అడిగి చూడండి. "మంచిదండీ, ఇది కొత్త పొజిషనా, ఎవరైనా వెళ్లిపోతే వాళ్ల స్థానంలోనా?" నిజంగా తెలిసిన మనిషి వెంటనే చెబుతారు, తెలియని మనిషి తడబడతారు. ఈ ప్రశ్నకు ఇంకో ఉపయోగం ఉంది. ఎవరో వెళ్లిపోతే వచ్చిన ఖాళీ అయితే, వాళ్లు చేస్తున్న పనే మీకు వస్తుంది. జేడీలో ఏమున్నా సరే.

అసలు జవాబే రాకపోతే? స్లాట్ గడువుకు ముందు ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే నిర్ణయం మీది. చేతిలో ఉద్యోగం లేనివాళ్లు, నోటీస్ పీరియడ్ చివరి వారాల్లో ఉన్నవాళ్లు వెళ్లడమే మంచిది. వాళ్లకు ఈ ప్రశ్న ఖరీదు వేరు. ఉద్యోగం ఉండి నెమ్మదిగా వెతుక్కునేవాళ్లు ఆగవచ్చు. ఒప్పుకుని వెళ్లకపోవడం మాత్రం వద్దు. అది నో షోగా నమోదవుతుంది. ఆ కంపెనీ సిస్టమ్‌లో మీ పేరు పక్కన అది ఉండిపోవచ్చు.

ఈ ప్రశ్న పనిచేయని చోట్లు కూడా ఉన్నాయి. పెద్ద సర్వీస్ కంపెనీలు చాలాసార్లు ప్రాజెక్టు కోసం కాకుండా స్కిల్ కోసం తీసుకుంటాయి. ప్రాజెక్టు చేరాక ఇస్తారు. శనివారం జరిగే వాకిన్ డ్రైవ్‌లన్నీ దాదాపు ఈ బాపతే. అక్కడ మొదటి ఆరు నెలల పని ఏమిటని అడిగితే రిక్రూటర్‌కే కాదు, ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు ప్రశ్న మార్చాలి: "క్లయింట్ రౌండ్ ఉంటుందా?" ఉంటే ఒక ఫలానా ప్రాజెక్టు ఎదురుగా ఉన్నట్టే, మళ్లీ మొదటి ప్రశ్న అడగొచ్చు. లేకపోతే ఎక్కువగా పూల్ కోసమే తీసుకుంటున్నారు. ఏ ప్రాజెక్టు వస్తే అది చేయడానికి సిద్ధమైతేనే వెళ్లాలి.

ఇంకొకటి. రిక్రూటర్ మెయిల్‌లో రాసింది ఒప్పందం కాదు. ఆఫర్ లెటర్‌లో సాధారణంగా డెజిగ్నేషన్, జీతం, లొకేషన్ ఉంటాయి. ఏ పని ఎంత శాతమో ఉండదు. పైగా అవసరాన్ని బట్టి ఏ టీమ్‌కైనా మార్చవచ్చన్న వాక్యం చాలా లెటర్లలో కనిపిస్తుంది. ఆ మెయిల్ ప్రయోజనం ఇంకోచోట ఉంది. ఇంటర్వ్యూలో మేనేజర్ చెప్పేదాన్ని దానితో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

మన ఉదాహరణలోని అమ్మాయికి నాలుగున్నరకు జవాబు వచ్చిందనుకోండి. మొదటి మూడు నాలుగు నెలలు ఎల్3 సపోర్ట్, ఆ తర్వాత కొత్త మాడ్యూల్. టీమ్ హైదరాబాద్‌లో, మేనేజర్ న్యూజెర్సీలో. సపోర్ట్ అన్న మాట చూసి వెంటనే వద్దనాల్సిన పని లేదు. ఎల్1 అంటే టికెట్ తీసుకుని సరైన టీమ్‌కు పంపడం. ఎల్2 అంటే ముందే రాసిపెట్టిన పద్ధతి ప్రకారం సమస్య సరిచేయడం. ఎల్3లో కారణం వెతికి కోడ్ మారుస్తారు. కొన్నిచోట్ల ఎల్3 అని పేరు పెట్టి కోడ్ మార్పు మాత్రం వేరే టీమ్‌కు పంపుతారు. అది ఇంటర్వ్యూలో కనుక్కోవచ్చనుకుని ఆమె స్లాట్ కన్ఫర్మ్ చేసింది. ఆ రాత్రి డిజైన్ ప్యాటర్న్స్ పక్కన పెట్టి, మెమరీ లీక్ ఎలా పట్టుకుంటారో, క్వెరీ ప్లాన్ ఎలా చదువుతారో చూసుకుంది.

మేనేజర్ రౌండ్ చివర్లో "మీకేమైనా ప్రశ్నలున్నాయా?" అన్నప్పుడు రెండు అడిగింది. ఎల్3లో కోడ్ ఫిక్స్ ఈ టీమే చేస్తుందా? చేస్తుందని ఆయన అన్నాడు. కొత్త మాడ్యూల్ పని ఎప్పుడు మొదలవుతుంది? "క్లయింట్ అప్రూవల్ రావాలి, ఈ ఏడాదిలోనే రావచ్చు" అన్నాడు. మెయిల్‌లోని మూడు నాలుగు నెలలకూ ఈ మాటకూ మధ్య దూరం ఎంతో ఆమెకు అర్థమైంది. ఆమె వదిలించుకోవాలనుకున్నది బగ్ ఫిక్సులనే కదా.

తర్వాతి రౌండ్‌కు రిక్రూటర్ ఫోన్ చేస్తే ఆమె ఇలా చెప్పింది: "మేనేజర్‌గారితో మాట్లాడానండీ, అన్నీ వివరంగా చెప్పారు. ఇప్పటికి సపోర్టే ఎక్కువగా ఉంది, కొత్త మాడ్యూల్‌కు ఇంకా అప్రూవల్ రాలేదట. అందుకని ఈ పొజిషన్‌కు ముందుకు వెళ్లలేను. అప్రూవల్ వచ్చాక ఆ పని కోసమే తీసుకుంటుంటే మాత్రం తప్పకుండా చెప్పండి." రిక్రూటర్ ఆ మాటలను అలాగే షీట్‌లో రిమార్క్స్ కాలమ్‌లో టైప్ చేసుకుంది.